వర్క్‌షీట్ 6: ఏ నేలలో ఏ పంట, ఎందుకు?

9వ తరగతి, సాంఘిక శాస్త్రం (భూగోళం)
అనంతపురం జిల్లా
సమయం: 80 నిమిషాలు (రెండు పీరియడ్లు)
మార్కులు: 40

మొదలుపెట్టే ముందు ఇది చదవండి

పోయిన యూనిట్ పరీక్షలో జతపరచండి ప్రశ్నకి దాదాపు అందరూ ఫుల్ మార్కులు తెచ్చుకున్నారు. కానీ కారణం రాయమన్న చోట ఎక్కువ మంది రాసిన వాక్యం ఇది: "వేరుశనగకు ఎర్రనేల అనుకూలం కాబట్టి వేరుశనగ పండుతుంది." దీన్ని మెల్లగా మరోసారి చదవండి. ప్రశ్ననే తిప్పి రాశారు. ఎందుకు అనుకూలమో ఇందులో ఎక్కడా లేదు.

కారణంలో రెండు ముక్కలు ఉండాలి. ఆ నేలకి గానీ వాతావరణానికి గానీ ఉన్న గుణం ఒకటి, ఆ పంటకి ఉన్న అవసరం ఇంకొకటి. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో చెప్పాలి. వేరుశనగతోనే చేసి చూపిస్తాను.

వేరుశనగ పువ్వు నేలపైనే పూస్తుంది. పువ్వు రాలాక దాని అడుగు భాగం నుంచి సన్నటి ఊడ ఒకటి కిందికి దిగి మట్టిలోకి దూరుతుంది. కాయ కట్టేది ఆ ఊడ చివర, మట్టి లోపల. అంటే పైమట్టి గుల్లగా ఉండాలి. గట్టిగా బిగుసుకుంటే ఊడ దిగలేదు. పంట పీకేటప్పుడు కూడా మట్టి వదులుగా ఉంటేనే కాయలు తెగిపోకుండా చెట్టుతో పాటు వస్తాయి. మన ఎర్ర గరప నేలలో ఇసుక పాలు ఎక్కువ, మట్టి విడివిడిగా ఉంటుంది, నీళ్లు నిలవవు. ఇది రాస్తే 2 మార్కులు. మీ ఇంట్లో చేను ఉంటే ఈసారి ఒక చెట్టు పీకి, ఊడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూడండి. ఒక్కసారి చూస్తే ఇక మర్చిపోరు.

ఇంకో మాట. ఇంట్లో బుడ్డలు అంటారో శనక్కాయలు అంటారో, ఇక్కడ మాత్రం వేరుశనగ అనే రాయండి. ఉత్త "శనగ" అని రాస్తే అది పప్పుశనగ అవుతుంది. దాని నేల వేరు, అదును వేరు.

భాగం 1: జతపరచి, కారణం రాయండి (10 × 2½ = 25 మార్కులు)

సరైన జతకి అర మార్కు. కారణానికి 2 మార్కులు. కారణం రెండు మూడు వాక్యాలు చాలు.

ప్రాంతాలు
1. కళ్యాణదుర్గం చుట్టూ ఉన్న ఎర్ర గరప నేలలు
2. ఉరవకొండ చుట్టూ ఉన్న నల్లరేగడి నేలలు
3. కె.సి. కాలువ కింద ఉన్న నంద్యాల ప్రాంతం
4. కడప జిల్లా మైదుకూరు ప్రాంతం
5. పులివెందుల ప్రాంతం
6. అరకు కొండలు
7. అస్సాం
8. పశ్చిమ బెంగాల్‌లోని గంగా డెల్టా
9. పశ్చిమ రాజస్థాన్
10. పంజాబ్

పంటలు
అ. గోధుమ
ఆ. పప్పుశనగ
ఇ. తేయాకు
ఈ. చీనీ
ఉ. సజ్జ
ఊ. వేరుశనగ
ఋ. కాఫీ
ఎ. పసుపు
ఏ. జనపనార
ఐ. వరి

మొదటి దానికి కారణం పైన నేనే చెప్పేశాను కాబట్టి, అక్కడ మీరు వాన గురించి ఒక వాక్యం అదనంగా రాయాలి. నేల గురించే రాస్తే 1 మార్కు.

భాగం 2: కారణాలు వివరించండి (4 × 3 = 12 మార్కులు)

11. నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీద నుంచి వస్తాయి. మంగళూరులో ఏడాదికి 3000 మి.మీ.కు మించి వాన పడుతుంది. అనంతపురంలో సుమారు 550 మి.మీ. మాత్రమే. మధ్యలో ఏం జరిగింది? బొమ్మ గీసి చెప్పండి. ఈశాన్య రుతుపవనాలు ఆ లోటు ఎందుకు తీర్చలేకపోతున్నాయో కూడా రాయండి.

12. పప్పుశనగని అక్టోబర్, నవంబర్‌లో విత్తుతారు. ఆ తర్వాత చాలా ఏళ్లు చెప్పుకోదగ్గ వానే ఉండదు. అయినా నల్లరేగడిలో పంట చేతికొస్తుంది. ఎలా? అదే విత్తనం అదే రోజు ఎర్ర గరపలో వేస్తే ఏమవుతుంది?

13. ఒక రైతు జూన్ చివర్లో పదును చూసుకుని ఒక మడిలో వేరుశనగ ఒక్కటే విత్తాడు. పక్క మడిలో వేరుశనగ సాళ్ల మధ్య కంది సాళ్లు పెట్టాడు. ఊడలు దిగే సమయంలో చాలా రోజులు వాన రాలేదు. సెప్టెంబర్‌లో మళ్లీ కురిసింది. రెండు మడుల్లో ఏం జరుగుతుందో, ఎందుకో రాయండి.

14. ఇంత తక్కువ వాన పడే మన జిల్లాలోనే కణేకల్ వైపు వెళ్తే పచ్చటి వరి మళ్లు కనిపిస్తాయి. వాన లెక్క చూస్తే అక్కడ వరి పండకూడదు. మరి కారణం ఏమిటి?

భాగం 3: చేసి చూడండి (3 మార్కులు)

15. ఒక పిడికెడు ఎర్రమట్టి, ఒక పిడికెడు నల్లమట్టి తెచ్చుకోండి. మీ ఊళ్లో ఒక రకమే ఉంటే రెండో రకం బస్సులో వచ్చే స్నేహితుల్ని అడగండి. ఉరవకొండ వైపు నుంచి వచ్చేవాళ్లు మన క్లాసులో ఉన్నారు. గడ్డలు పొడి చేసి, కొంచెం కొంచెంగా నీళ్లు చిలకరిస్తూ చపాతీ పిండిలా కలపండి. ఇప్పుడు రెండు అరచేతుల మధ్య పెట్టి తాడులా పేనండి. ఏది తాడవుతుంది, ఏది విరిగిపోతుంది? ఆ రెండు ముద్దల్నీ ఎండలో పెట్టి సాయంత్రం చూడండి. పగుళ్లు దేనికి వచ్చాయి? చూసింది చూసినట్టు నాలుగు వాక్యాల్లో రాయండి. పుస్తకంలో ఉన్నది రాయొద్దు. మీ ముద్ద పుస్తకానికి భిన్నంగా ప్రవర్తిస్తే అదే రాయండి, మార్కులు తగ్గవు.

జవాబులు (రాయడం పూర్తయ్యాకే ఈ కాగితం ఇస్తాను)

1-ఊ, 2-ఆ, 3-ఐ, 4-ఎ, 5-ఈ, 6-ఋ, 7-ఇ, 8-ఏ, 9-ఉ, 10-అ.

1. నేల కారణం పైన ఉంది. వాన కారణం: వేరుశనగ తక్కువ వానతో కూడా నిలబడుతుంది, పంటకాలం కూడా సుమారు నాలుగు నెలలే. జూన్, జూలైలో విత్తితే నైరుతి వానల కాలంలోనే దాదాపు పంట పూర్తవుతుంది.

2. నల్లరేగడిలో మెత్తటి బంకమన్ను ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది, నీటిని చాలా కాలం పట్టి ఉంచుతుంది. పప్పుశనగ వేరు లోతుకి దిగి ఆ తేమ తాగుతుంది. చలికాలం దీనికి సరిపోతుంది.
ఇక్కడ ఒక తప్పు చాలామంది చేస్తారు. నల్లరేగడి అనగానే "లావా వల్ల ఏర్పడిన బసాల్ట్ రాయి నుంచి వచ్చింది" అని రాసేస్తారు. మహారాష్ట్రలోని దక్కన్ పీఠభూమికి ఆ జవాబు సరైనదే. కానీ బసాల్ట్ లేని చోట్ల కూడా నల్లరేగడి ఏర్పడుతుంది. నంద్యాల లోయలో కింద ఉన్నవి సున్నపురాయి, షేల్. అందుకే మన ప్రాంతం గురించి అడిగితే లావా అని రాయకండి. మీరు రోజూ తొక్కే నేల గురించి తప్పు రాయడం నాకు బాధగా ఉంటుంది.

3. వరికి మడిలో నీళ్లు నిలవాలి. బంకమన్ను నేల నీటిని కిందికి తొందరగా వదలదు. వాన చాలని లోటుని సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరే కర్నూలు–కడప కాలువ తీరుస్తుంది. నేల, కాలువ రెండూ రాయాలి. ఒక్కటే రాస్తే 1 మార్కు.

4. పసుపు దాదాపు తొమ్మిది నెలలు నేలలో ఉండే పంట. అన్ని నెలలు తడి అందాలి, కాబట్టి కాలువ గానీ బోరు గానీ కావాలి. అయితే నీళ్లు నిలిస్తే కొమ్ము కుళ్లిపోతుంది. సారం ఉండి, నీళ్లు ఇంకిపోయే నేల కావాలి.

5. చీనీ చెట్టుకి పొడి వాతావరణం, బాగా ఎండ కావాలి. చెట్టు మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే వేరు కుళ్లు వస్తుంది. నీళ్లు నిలవని నేల, డ్రిప్ ద్వారా కొంచెం కొంచెంగా అందే బోరు నీళ్లు దానికి సరిపోయాయి.

6. ఎత్తు వల్ల చల్లదనం, మంచి వాన, వాలు మీద నీళ్లు జారిపోవడం, చెట్ల నీడ. నేరుగా పడే తీవ్రమైన ఎండ కాఫీ మొక్కని దెబ్బతీస్తుంది.

7. వాన ఎక్కువ, గాలిలో తేమ ఎక్కువ, ఆమ్ల గుణమున్న నేల. ఆకు మళ్లీ మళ్లీ చిగురించాలంటే తేమ కావాలి, కానీ మొక్క మొదలు దగ్గర నీళ్లు నిలవకూడదు.

8. వరదలు తెచ్చే కొత్త ఒండ్రు, వేడి, తేమ. కోసిన కట్టల్ని నీళ్లలో నానబెడితేనే నార ఊడివస్తుంది. ఆ నీళ్లు అక్కడ పుష్కలం.

9. ఇసుక నేల, తక్కువ వాన, ఎక్కువ వేడి. ఈ మూడింటినీ సజ్జ ఓర్చుకుంటుంది.

10. పెరిగేటప్పుడు చలి, పండేటప్పుడు మంచి ఎండ. ఒండ్రు నేల, కాలువలు. పశ్చిమం నుంచి వచ్చే అలజడుల వల్ల శీతాకాలంలో కాస్త వాన పడుతుంది.

11. పడమటి కనుమలు మేఘాల్ని పైకి నెడతాయి. పైకి వెళ్లిన గాలి చల్లబడి సముద్రం వైపు వాలు మీదే కురుస్తుంది. కనుమలు దాటి కిందికి దిగే గాలి వేడెక్కి పొడిగా మారుతుంది. మనం ఉన్నది ఆ వర్షచ్ఛాయలో. ఈశాన్య రుతుపవనాల తేమ బంగాళాఖాతం నుంచి వస్తుంది. నెల్లూరు, చెన్నై తీరాల్లో ఎక్కువ కురిసి, తూర్పు కొండలు దాటి లోపలికి వచ్చేసరికి తగ్గిపోతుంది. రెండు సముద్రాలకీ దూరంగా ఉండటమే మన కష్టం.

12. సెప్టెంబర్, అక్టోబర్ వానల్ని నల్లరేగడి పీల్చుకుని దాచిపెడుతుంది. పప్పుశనగ ఆ నిల్వ తేమ మీద బతుకుతుంది. ఎర్ర గరపలో విత్తనం మొలవొచ్చు. కానీ తేమ కొన్నాళ్లకే ఇంకిపోతుంది, ఆరిపోతుంది, పూత దశకి ముందే మొక్క వాడిపోతుంది. బోరు ఉంటే వేరే సంగతి, ఆ మాట రాసినవాళ్లకీ మార్కు ఇస్తాను.

13. మట్టి ఎండి గట్టిపడితే ఊడలు దిగవు, దిగినవి కూడా కాయ కట్టవు. వేరుశనగ ఒక్కటే వేసిన మడిలో దిగుబడి బాగా పడిపోతుంది. ఆలస్యంగా వచ్చిన వాన దాన్ని పూర్తిగా కాపాడలేదు. రెండో మడిలోనూ వేరుశనగకి అదే దెబ్బ. కానీ కంది వేరు లోతుకి వెళ్తుంది, దాని పంటకాలమూ ఎక్కువ. సెప్టెంబర్ వాన కందికి అందుతుంది. అందుకే మన జిల్లాలో పెద్దలు ఒకే పంట మీద ఆధారపడరు. ఇంట్లో తాతనో అవ్వనో అడిగి, వాళ్లు ఏయే పంటలు కలిపి వేసేవారో రాసుకొస్తే ఒక మార్కు అదనం.

14. తుంగభద్ర ఎగువ కాలువ. వాన పడింది ఎక్కడో కర్ణాటకలోని కనుమల్లో, పండింది ఇక్కడ. కారణం రాసేటప్పుడు ఆకాశం, నేల చూసి ఆగిపోకండి, నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో కూడా చూడండి.

15. మామూలుగా నల్లమట్టి తాడవుతుంది, ఎండితే పగులుతుంది. ఎర్ర గరప తాడు కాకముందే విరిగిపోతుంది. మీ ఎర్రమట్టి తాడైతే అందులో బంక పాలు ఎక్కువన్నమాట. ఏ చేనులో, ఎంత లోతు నుంచి తీశారో రాయండి. ముద్దలు రెండూ పాత పేపర్‌లో చుట్టి, పేరు, ఊరు రాసి సోమవారం మొదటి పీరియడ్‌కి తీసుకురండి. ఊళ్ల వారీగా కిటికీ గట్టు మీద వరసగా పెట్టి, జిల్లా మ్యాపులో రంగులు వేద్దాం.