లిటరేచర్ మ్యాట్రిక్స్: రెండో అధ్యాయం కోసం గైడ్‌ గారికి నోట్

మేడమ్ గారికి నమస్కారం.

బడి పిల్లల చదువు మెరుగుపరచడానికి మన దేశంలో జరిగిన ప్రయత్నాల మీద ఇరవై అధ్యయనాలనూ మ్యాట్రిక్స్‌లోకి ఎక్కించాను. పూర్తి ఎక్సెల్ షీటు మీకు మెయిల్ చేశాను. మీతో మాట్లాడాల్సిన వరుసలు మాత్రం ఇక్కడ పెడుతున్నాను.

| అధ్యయనం | పద్ధతి | శాంపిల్ | ఫలితం (ఎస్‌డిల్లో) |
|---|---|---|---|
| బెనర్జీ, కోల్, డుఫ్లో, లిండెన్ 2007 | రాండమైజ్డ్ | వడోదర, ముంబయి మున్సిపల్ బడులు | బాలసఖితో మొదటి ఏడు 0.14, రెండో ఏడు 0.28; కార్యక్రమం ఆగిన ఏడాదికి సుమారు 0.10 |
| మురళీధరన్, సుందరరామన్ 2011 | రాండమైజ్డ్ | ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ బడులు. బోనస్ 200, కంట్రోల్ 100 | రెండేళ్లకు గణితం 0.27, భాష 0.17 |
| మురళీధరన్, సుందరరామన్ 2015 | వోచర్ల లాటరీ, ముందు గ్రామాలకు, తర్వాత పిల్లలకు | ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 180 గ్రామాలు | నాలుగేళ్లకు తెలుగు, గణితంలో తేడా లేదు. హిందీలో బాగా ముందు |
| మురళీధరన్, సింగ్, గానిమియన్ 2019 | లాటరీ | ఢిల్లీ, 619 మంది | నాలుగున్నర నెలలకు గణితం 0.37, హిందీ 0.23 |
| మురళీధరన్, ప్రకాశ్ 2017 | మూడు తేడాల పోలిక | బిహార్ సైకిల్ పథకం, పోలికకు జార్ఖండ్ | హైస్కూల్లో ఆడపిల్లల నమోదు 32 శాతం పెరిగింది |

నన్ను ఎక్కువసేపు ఆపింది 2015 వరుస. గడిలో ‘తేడా లేదు’ అని రాసి వదిలేస్తే, ప్రైవేటు బడి వల్ల ఒరిగిందేమీ లేదని చదివేవాళ్లు అనుకుంటారు. కానీ ఆ ప్రైవేటు బడుల్లో తెలుగుకీ గణితానికీ కేటాయించిన సమయం తక్కువ. మిగిలిన సమయం ఇంగ్లిష్, సైన్సు, సోషల్, హిందీలకు వెళ్లింది. ఒక్కో పిల్లవాడి మీద ఖర్చు కూడా ప్రభుత్వ బడిలో అయ్యే దాంట్లో మూడో వంతుకన్నా తక్కువే. తక్కువ సమయం, తక్కువ ఖర్చుతో అంతే మార్కులు వచ్చాయంటే అది వేరే ఫలితం. అందుకే ‘బోధనా సమయం’, ‘ఖర్చు’ అని రెండు కాలమ్‌లు కొత్తగా చేర్చి, ఇరవై పేపర్లనూ వాటి కోసం మళ్లీ తిరగేశాను. చాలా గడుల్లో ‘పేపర్లో చెప్పలేదు’ అనే రాయాల్సి వచ్చింది. ఆ ఖాళీయే నా పరిశోధన ప్రశ్నకు బలమైన ఆధారమని నా నమ్మకం.

ఎస్‌డి అంకెల్ని పక్కపక్కన పెట్టి సగటు తీయడం నాకు ఇష్టం లేదు. ఢిల్లీ 0.37 బడి అయ్యాక సెంటర్లో కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లలది, వాళ్లు తామంతట తాము చేరడానికి ముందుకొచ్చినవాళ్లు. 2011లోని 0.27 మామూలు ప్రభుత్వ బడిలో టీచర్ల బోనస్ వల్ల వచ్చింది. పరీక్షలు వేరు, కాలం వేరు. 2007 వరుస చూస్తే ఇంకో సంగతి: పథకం నడుస్తుండగా కొలిచిన అంకెకూ, ఆగాక కొలిచినదానికీ అంత తేడా ఉన్నప్పుడు, ఎప్పుడు కొలిచారన్నది ప్రతి వరుసలోనూ ఉండి తీరాలి.

బిహార్ వరుస తీసేద్దామనుకుంటున్నాను. పద్ధతి చక్కగా ఉంది, కానీ ముఖ్యంగా కొలిచింది నమోదు, నేర్చుకోవడం కాదు. మీరు సరేనంటే దాని స్థానంలో ఉదయ్‌పూర్ దగ్గర కెమెరాలతో టీచర్ల హాజరు చూసిన 2012 పేపర్ పెడతాను. అక్కడ గైర్హాజరు 21 శాతం పాయింట్లు తగ్గింది, పిల్లల మార్కులూ 0.17 పెరిగాయి. శుక్రవారంలోగా చెబితే అధ్యాయం డ్రాఫ్టులో మార్చేస్తాను.