పట్టుకో పట్టుకో

అక్కా, మన మూసీ వరద పిల్లల పుస్తకానికి ఇదే ఫైనల్. వరద గురించి తాత రాసుకున్న నోట్‌బుక్ 38 పేజీలు, కూర్చుని తెగ్గొట్టి తెగ్గొట్టి 18 లైన్లకి తెచ్చా, పేజీకి ఒక్కటే లైన్, నాలుగు మాటలు దాటకుండా. దాటినచోట మా చిన్నది పేజీ తిప్పేస్తోంది, నేను ఇంకా చదువుతుండగానే. రెండేళ్ళ పిల్లకి మన సాహిత్యంతో పనేముంది, దానికి మేక కావాలి.

పేజీ నంబర్ కిందే ఉన్న లైన్ పేజీ మీద అచ్చయ్యేది, దాని కింద రాసింది నీకు, బొమ్మ కోసం. అట్ట పుస్తకం కాబట్టి మూలలు గుండ్రంగా, సైజు ఆరంగుళాల చదరం అనుకుంటున్నా, పిల్ల చేతిలో పట్టాలి కదా. అక్షరాలు ఎంత పెద్దవైతే అంత మంచిది, వత్తులు కింది బొమ్మలో కలిసిపోకుండా చూడు.

పేజీ 1
పేద్ద చింతచెట్టు.

పేద్ద అనేది తప్పు కాదు, ప్రూఫ్ చూసేవాళ్ళు "పెద్ద" అని దిద్దుతారు, దిద్దనివ్వకు. చదివేవాళ్ళు పే ని సాగదియ్యాలి, అప్పుడే పిల్ల తల పైకెత్తుతుంది. చెట్టు పేజీలో పట్టకూడదు, కొమ్మలు అంచులు దాటి బయటికి పోవాలి. ఇది సెప్టెంబర్ నెలాఖరు కథ, అంటే కాయలు పచ్చగా సన్నగా ఉంటాయి, గోధుమరంగు చింతపండు వేలాడదీస్తే ఏ అమ్మమ్మో పట్టేసుకుంటుంది.

పేజీ 2
పక్కనే మూసీ.

మా చిన్నది "మూతీ" అంటోంది, అని తన మూతి చూపిస్తోంది. అయినా పేరు మార్చను, పేరు పోతే ఇది ఏ ఊరి కథైనా అయిపోతుంది. ఇక్కడ నది సన్నగా, బద్ధకంగా, గట్టు మీద బట్టలు ఆరేసుకున్నట్టు. వెనకాల చిన్నగా ఒక వంతెన పెట్టు, అది అఫ్జల్ వంతెన, దాని గురించి 8లో చెప్తా. ఇంకోటి, నువ్వు రఫ్‌లో ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు వేశావు, చాలా బాగున్నాయి, తీసెయ్. ఇది 1908. ఆ భవనం, అవతలి గట్టున హైకోర్టు, రెండూ తర్వాత కట్టినవే. చార్మినార్ కావాలంటే దూరంగా వేలెడంత వేసుకో, అది 1591 నుంచీ ఉంది.

పేజీ 3
బుజ్జి మేక. మే మే!

తాత నోట్‌బుక్‌లో మేక ఒకే ఒక్క వాక్యంలో వస్తుంది, "ఎవరిదో మేకపిల్ల కూడ పైకెక్కింది" అని, అంతే, తర్వాత పత్తా లేదు. దాన్నే హీరో చేసేశా. తాత ఉంటే నవ్వేవాడు, లేదా నాలుగు రోజులు మాట్లాడేవాడు కాదు. మేక మెడకి ఎర్ర దారం కట్టు, తర్వాత పేజీల్లో వెతకడానికి పనికొస్తుంది.

పేజీ 4
మబ్బు. నల్ల మబ్బు.

పేజీ 5
చిట పట చిట పట.

పేజీ 6
దబ దబ దబ దబ!

ఈ మూడింటికీ ఒకటే బొమ్మ, వెలుతురు మారుతూ. మేక మూడింట్లోనూ అక్కడే నిలబడి పైకి చూస్తుండాలి, 6లో మాత్రం చెవులు కిందికి. 6 చదివేటప్పుడు అట్ట మీద చేత్తో కొట్టొచ్చు, మా ఇంట్లో కొడుతున్నాం, కింద పోర్షన్ వాళ్ళు ఒకసారి అడిగారు కూడా ఏంటమ్మా ఆ చప్పుడు అని.

పేజీ 7
మూసీ పొంగింది.

ఈ ఒక్క లైన్‌కి వారం పట్టింది. ముందు "వరద వచ్చింది" అని రాశా, వరద అంటే దానికేం తెలుసు, మొహం ఖాళీగా పెట్టింది. "నీళ్ళు పెరిగాయి" అంటే బకెట్ చూపించింది. ఒకరోజు పొద్దున స్టవ్ మీద పాలు పొంగితే "పొంగిందీ పొంగిందీ" అని అదే అరుచుకుంటూ వచ్చింది, అంతే, పని అయిపోయింది. కాబట్టి బొమ్మ కూడా గిన్నె అంచు దాటి పాలొచ్చినట్టు ఉండాలి, గట్టు దాటి నురగలా.

పేజీ 8
నీళ్ళు... నీళ్ళు... నీళ్ళు!

ఇక్కడ నీకు ఒక మాట చెప్పాలి. నోట్‌బుక్‌లో 14 పేజీలు ఇక్కడే ఉన్నాయి. 1908 సెప్టెంబర్ 28. పదిహేను వేల మంది పోయారని చెప్తారు, ఇంకా ఎక్కువని చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఉర్దూ కవి అమ్జద్ గారు ఆ రోజు అమ్మని, భార్యని, కూతుర్ని ముగ్గుర్నీ పోగొట్టుకుని తను ఒక్కడే మిగిలాడు, తాత ఆ ముక్క మూడుసార్లు రాసి రెండుసార్లు కొట్టేశాడు, కొట్టేసిన గీత కింద సిరా అలుక్కుపోయి ఉంది. ఏ ఒక్కటీ నా 18 లైన్లలో లేదు. దాచాలని కాదు, రెండేళ్ళ పిల్ల ఒళ్ళో కూర్చుని వింటుంది, దాని చేతికి ఇవ్వగలిగింది నీళ్ళు, చెట్టు, మేక, ఇంతవరకే. కానీ బొమ్మలో అబద్ధం కూడా వద్దు. నవ్వుతున్న నీళ్ళు, కళ్ళు పెట్టిన అలలు వద్దు. 2లో వేసిన వంతెన ఈ పేజీలో ఉండకూడదు, అంతే చాలు. ఆ వరదకి అఫ్జల్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయాయి, 1578లో కట్టిన పురానాపుల్ ఒక్కటే నిలిచింది. లైన్‌లో చెప్పక్కర్లేదు. ఐదారేళ్ళ అన్నయ్య ఎవడైనా వెనక్కి తిప్పి చూసి "అమ్మా వంతెన ఏదీ" అంటాడు, అప్పుడు ఆ ఇంటివాళ్ళు ఎంత చెప్పాలనుకుంటే అంత చెప్పుకుంటారు.

పేజీ 9
చెట్టెక్కు, చెట్టెక్కు!

ఎవరంటున్నారో చూపించకు. నువ్వు చెట్టుకి నోరు పెడదామన్నావు, నాకు మనసొప్పలేదు. చెట్టు ఏమీ అనలేదు, ఊరికే నిలబడింది, దాని గొప్పంతా అదే కదా. ఒక చెయ్యి కింది నుంచి, ఒక చెయ్యి పై నుంచి, మధ్యలో జానెడు ఖాళీ.

పేజీ 10
అవ్వ ఎక్కింది.

పేజీ 11
తాత ఎక్కాడు.

అవ్వ ముందు, తాత తర్వాత, ఈ వరస మార్చకు. తాత తలపాగా ఊడి కొమ్మకి చిక్కుకుంటే నవ్వొస్తుంది, 8 తర్వాత ఒక నవ్వు కావాలి. చెట్టు మీద ఇంకా జనం, రుమీ టోపీ పెట్టుకున్నాయన, బురఖా ఆవిడ, గోచీ కట్టినతను, చంటిబిడ్డతో తల్లి, అందరూ కలిసిపోయి, ఒకరి మోకాలు ఇంకొకరి భుజం మీద. మన సిటీ బస్సు సాయంత్రం ఆరింటికి ఎలా ఉంటుందో అలా వేసెయ్.

పేజీ 12
మేక? మేక ఏదీ?

ఈ పేజీలో మేక ఉండకూడదు. తోక కూడా వద్దు. మా చిన్నది ఇక్కడ ఊపిరి బిగబట్టి నా మొహం చూస్తుంది. రాత్రి పడుకునే ముందు చదివితే ఈ పేజీ మీద ఎక్కువసేపు ఆగొద్దని నానమ్మ ఆర్డర్.

పేజీ 13
అదిగో! మే మే!

ఆకుల మధ్య, అవ్వ చంకలో, ఎర్ర దారం కనిపిస్తూ. నోట్లో చింతాకు. ఊరంతా ప్రాణాలు బిగబట్టుకుని కూర్చుంటే ఇది మేస్తోంది.

పేజీ 14
గట్టిగ పట్టుకో!

"గట్టిగా" కాదు, "గట్టిగ". తాత అలాగే రాశాడు, మన ఇంట్లో అలాగే అంటాం, బండెక్కించుకుని వీపు మీద పిల్లని కూర్చోబెట్టుకున్నప్పుడు కూడా అదే మాట. బొమ్మ అంతా చేతులే. మొహాలు వద్దు. ముడతల చెయ్యి, గాజుల చెయ్యి, మెహెందీ చెయ్యి, బొద్దు చెయ్యి, అన్నీ ఒకే కొమ్మ మీద. పుస్తకం మొత్తంలో నాకు ఇష్టమైన పేజీ ఇదే, దీనికి నీ టైమ్ ఎంత పోయినా పర్లేదు.

పేజీ 15
పట్టుకో... పట్టుకో...

అదే మాట, చిన్న అక్షరాల్లో, గుసగుసగా. దూరం నుంచి చెట్టు, చుట్టూ నీళ్ళు, ఇంకేం లేదు. చీకటి చెయ్యాలనిపిస్తే చెయ్యి, కానీ చింతాకులు చీకటి పడితే ముడుచుకుంటాయి, అది గుర్తుపెట్టుకుని వేస్తే నీకు సమోసాలు నా లెక్కలో.

పేజీ 16
వాన ఆగింది.

పేజీ 17
అందరూ దిగారు.

బురద బాగా వెయ్యి. మేక నాలుగు కాళ్ళకీ బురద సాక్స్. తలపాగా ఇంకా కొమ్మకే ఉంది.

పేజీ 18
టాటా, చెట్టూ!

ముందు ఇక్కడ "చెట్టు మనల్ని కాపాడింది" అని ఉండేది. చదివి వినిపిస్తే మా ఆయన "స్కూల్ ప్రేయర్‌లా ఉంది" అన్నాడు, తీసేశా. పిల్లలకి ఎక్కడి నుంచి బయల్దేరినా టాటా చెప్పడం తెలుసు. 1908లో టాటా అనేవాళ్ళా అని ఎవరైనా అడిగితే, ఈ పేజీ ఇప్పటిది అని చెప్పు, అదే చెట్టు, కింద ఇప్పటి పిల్ల చెయ్యి ఊపుతోంది, వెనకాల ఇప్పుడు వెయ్యి నీ గుమ్మటాలు, ఎన్ని కావాలంటే అన్ని.

వెనక అట్ట (ఇది పెద్దవాళ్ళకి, చిన్న అక్షరాలు)
ఈ చెట్టు నిజంగానే ఉంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చినప్పుడు సుమారు 150 మంది ఈ చింతచెట్టు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. మేక సంగతి మా తాత చెప్పాడు.

విశ్వేశ్వరయ్య గారు రావడం, 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్, అవన్నీ కూడా ఇందులో పెట్టాలని చిన్నాన్న పట్టు. పెట్టను. తాత నోట్‌బుక్ మొత్తం విడిగా టైప్ చేయిస్తున్నా, ఆయన ఆనకట్టలు ఆయనకి అందులో దొరుకుతాయి.

ముందు 7, 8, 14 రఫ్‌లు పంపు అక్కా, అవి కుదిరితే మిగతావి వాటంతటవే వస్తాయి. అవ్వ చీర రంగు నీ ఇష్టం, గులాబీ మాత్రం వద్దు, అమ్మ చూస్తే నన్నే వేశారా అంటుంది.