ఆ రోజు ఇచ్చిన కీ

"వచ్చే ఆదివారం అన్నయ్య పెళ్లి తాతగారూ. ఆ రోజు నాన్న వాచీ పెట్టుకోవాలని ఉందన్నాడు. నడుస్తుందంటారా?"

చేతులు వణకడం మొదలయ్యాక రాఘవయ్య ఈ పని మానేశాడు. కొట్టు మూసి ఆరేళ్లు. కుదరదని చెప్పబోయాడు గానీ, కుర్రాడు రుమాలు విప్పి వాచీని రెండు చేతులతో అందించేసరికి మాట రాలేదు.

"ఎలా ఆగింది?"

"నేనే పాడుచేశాను. నాన్న పోయిన నెలకి. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఇక తిరగనంత వరకూ కీ ఇచ్చాను. కాసేపు నడిచి ఆగిపోయింది. స్ప్రింగు తెంపేశావని అన్నయ్య చాలా కోప్పడ్డాడు. ఇప్పటికీ అప్పుడప్పుడూ అంటాడు."

రాఘవయ్య భూతద్దం కంటికి పెట్టుకుని, మణికట్లు బల్ల అంచుకి ఆనించాడు. అలా ఆనిస్తే వణుకు కాస్త అదుపులో ఉంటుంది. వెనక మూత తీశాడు. కెంపు రాళ్ల చుట్టూ నూనె గోధుమరంగులో జిగురులా గడ్డకట్టింది. చక్రాలు అక్కడే ఇరుక్కున్నాయి. అయినా ఏమీ చెప్పలేదు. కుర్రాణ్ణి దగ్గరికి పిలిచాడు.

"ఈ కీ వేళ్లతో పట్టుకో. ఒక్కసారిగా వదలకు, నెమ్మదిగా జారనియ్యి."

స్ప్రింగు వెనక్కి తిరక్కుండా ఆపే చిన్న కొక్కేన్ని సూదితో పక్కకి నెట్టాడు. కుర్రాడి వేళ్ల మధ్య కీ దానంతటదే వెనక్కి తిరగసాగింది. అలా తిరుగుతూనే ఉంది.

"ఏంటిది తాతగారూ?"

"నువ్వు ఆ రోజు ఇచ్చిన కీ. స్ప్రింగు తెగి ఉంటే ఇంత బలం ఎక్కడిది? కీ ఎక్కువిస్తే వాచీ పాడవుతుందని అందరూ అంటారు. నిండాక అది తిరగదు, అంతే. దీన్ని ఆపింది ఎండిపోయిన నూనె. నువ్వు ముట్టుకోకపోయినా ఆగేదే."

కుర్రాడు కీ వదల్లేదు. తిరగడం ఆగిపోయాక కూడా పట్టుకునే ఉన్నాడు.

తర్వాతిదంతా రాఘవయ్యకి అలవాటైన పనే, కాకపోతే ఇప్పుడు నిదానంగా సాగింది. అన్నీ విప్పి, కడిగి, ఆరబెట్టి, సూదిమొనతో చుక్క చుక్కగా కొత్త నూనె పెట్టాడు. డయల్ మీది పసుపు మరకల జోలికి పోలేదు. వాళ్ల నాన్న చూసిన డయల్ అదే కదా. బ్యాలెన్స్ చక్రం ఊపందుకుని సెకనుకి ఐదు టిక్కుల చొప్పున కొట్టడం మొదలుపెట్టాక, పడుకోబెట్టీ నిలబెట్టీ రెండు రోజులు టైము సరిచూశాడు.

శుక్రవారం కుర్రాడు వచ్చి కీ తిప్పుతూ సగంలో ఆపేశాడు.

"ఇంకా తిప్పు."

భయంభయంగా తిప్పాడు. కీ ఆగింది. వాచీ నడుస్తూనే ఉంది.

"రోజూ పొద్దున్నే ఇంతే ఇవ్వాలి. తడి తగలనివ్వొద్దని అన్నయ్యకి చెప్పు."

"చెప్తాను. స్ప్రింగు సంగతి మాత్రం మీరే చెప్తారా? నేను చెబితే నమ్మడు."

రాఘవయ్య భూతద్దం పక్కన పెట్టి, ఫోన్ కలపమన్నాడు.