శ్రావణ్‌కి పంపిన పుస్తకాలు, ఏది ముందు ఏది తర్వాత

శ్రావణ్,

పుస్తకాల పార్సిల్ ఈపాటికి మీ పీజీకి చేరి ఉంటుంది. మొత్తం ఐదు. నేను నంబర్లు వేసిన వరుసలోనే చదువు. అన్నీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవక్కర్లేదు, ఎక్కడ ఆపాలో కింద రాస్తున్నాను.

బెంగళూరులో ఫ్యాక్టరీలకు ఫోన్లు చేసి సాఫ్ట్‌వేర్ అమ్మే ఈ కొత్త ఉద్యోగం గురించి చెబుతూ, "రింగ్ అవుతుంటే వాళ్లు ఎత్తకపోతే బాగుండు అనిపిస్తుందక్కా" అన్నావు చూడు, ఆ మాటను బట్టే ఇవి ఎంచాను. నీకు మాటలు రాక కాదు ఈ టెన్షన్. అనంతపురంలో పెళ్లిళ్లకు వెళ్తే ముక్కూమొహం తెలియనివాళ్లతో గంటలు మాట్లాడేవాడివి. ఫోన్ దగ్గరకొచ్చేసరికి, వాళ్ల టైమ్ తినేస్తున్నానని, వాళ్ల దగ్గర ఏదో అడుక్కుంటున్నానని నీకు అనిపిస్తోంది. అందుకే ఎవరిచేతనైనా ఏదైనా కొనిపించవచ్చని చెప్పే పుస్తకాలు ఒక్కటీ పెట్టలేదు. నీలాంటివాడు అవి చదివితే, ఎదుటి మనిషిని బుట్టలో వేస్తున్నానన్న బాధ తోడై గొంతు ఇంకా వణుకుతుంది.

మొదటిది జియా జియాంగ్ రాసిన 'రిజెక్షన్ ప్రూఫ్'. 2015లో వచ్చింది. ఒక్క వారాంతంలో అయిపోతుంది. చైనా నుంచి అమెరికా వెళ్లిన ఈయన, తన స్టార్టప్‌కి పెట్టుబడి రాలేదన్న దెబ్బ తర్వాత, రోజుకొకటి చొప్పున వంద రోజులు కావాలనే 'నో' అనిపించుకోవాలని నిర్ణయించుకున్నాడు. మొదటి రోజు ఒక సెక్యూరిటీ గార్డును వంద డాలర్లు అప్పు అడిగాడు. ఆయన లేదని, ఎందుకు అని అడిగాడు. ఈయన జవాబు చెప్పకుండా సారీ అంటూ వెళ్లిపోయాడు. తర్వాత తను తీసుకున్న వీడియో చూసుకుంటే, ఆ గార్డు మాట్లాడటానికి అవకాశం ఇచ్చాడని, పారిపోయింది తనేనని అర్థమైంది. ఆ చోట ఆగి రెండుసార్లు చదువు.

ఇంకో సంఘటన నీకు నేరుగా పనికొస్తుంది. జియాంగ్ ఒకాయన ఇంటి తలుపు తట్టి, మీ పెరట్లో ఈ పూలమొక్క నాటనా అని అడిగాడు. వద్దన్నాడాయన. ఎందుకని అడిగితే, మా కుక్క పెరట్లో ఏది పెట్టినా తవ్వేస్తుంది, ఎదురింటామెకు పూలంటే ఇష్టం, అక్కడ అడగండి అన్నాడు. ఆవిడ ఒప్పుకుంది. వద్దన్నవాడికి ఈయన మీద కోపం లేదు, పూల మీదా లేదు. ఉన్నదల్లా ఒక కుక్క. నీకు రోజూ వినిపించే 'వద్దు'ల్లో చాలావాటి వెనక ఇలాంటి కుక్కే ఉంటుంది. పాత సాఫ్ట్‌వేర్‌కి ఏడాది డబ్బు కట్టేసి ఉంటారు, లేదా అకౌంటెంట్ కొత్తవాడై ఉంటాడు. మర్యాదగా ఒక్కసారి "ఎందుకో చెప్తారా సార్?" అని అడుగు. చెప్పకపోతే థ్యాంక్స్ చెప్పి పెట్టెయ్. రెండోసారి అడగొద్దు, అది వేధింపు అవుతుంది.

రెండోది మార్టిన్ సెలిగ్మన్ 'లెర్న్‌డ్ ఆప్టిమిజం', 1990 నాటిది. ఆయన సైకాలజిస్టు. డిప్రెషన్ గురించి, పిల్లల పెంపకం గురించి చాలా ఉంది, అది ఇప్పుడు వదిలెయ్. పసుపు కాగితం పెట్టినచోట మెట్‌లైఫ్ అనే అమెరికా బీమా కంపెనీ ఏజెంట్ల అధ్యాయం ఉంది. మామూలు సెలక్షన్ పరీక్షలో తప్పినా ఆశావాదం పరీక్షలో బాగా మార్కులు వచ్చినవాళ్లను ఆ కంపెనీ ప్రత్యేకంగా ఉద్యోగంలోకి తీసుకుంది. మామూలు పరీక్ష పాసై నిరాశావాదులుగా తేలిన ఏజెంట్ల కంటే వీళ్లు మొదటి ఏడాది 21 శాతం, రెండో ఏడాది 57 శాతం ఎక్కువ అమ్మారు. ఆశావాదం అంటే ఎప్పుడూ నవ్వుతూ ఉండటం అనుకోకు. చెడు జరిగినప్పుడు దానికి మనలో మనం ఏ కారణం చెప్పుకుంటామన్నదే ఆయన చూసేది. "నాకు సేల్స్ రాదు" అనుకుంటే అది ఎప్పటికీ పోనిది, అన్నిటికీ పాకేది, తప్పంతా నీదే అనేది. "ఆయన డిస్పాచ్ హడావుడిలో ఉండగా చేశాను" అనుకుంటే అది ఈ ఒక్క కాల్‌కి సంబంధించింది, రేపు మార్చుకోగలిగింది. ఫోన్ పెట్టేయగానే మనసులో వచ్చిన మాటను ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి, కింద దానికి జవాబు రాయి. వారం రోజులు చేస్తే చాలు, ఆ మాటలు ఎంత అన్యాయంగా ఉన్నాయో నీకే కనబడుతుంది.

మూడోది ఫ్రాంక్ బెట్జర్ రాసింది, పేరు పొడుగు: 'హౌ ఐ రెయిజ్డ్ మైసెల్ఫ్ ఫ్రమ్ ఫెయిల్యూర్ టు సక్సెస్ ఇన్ సెల్లింగ్'. బేస్‌బాల్ ఆడే మనిషి చేతికి దెబ్బ తగిలి ఆట మానేసి, జీవిత బీమా అమ్మబోయి, చేతగాక వదిలేద్దామనుకున్నాడు. మాట్లాడటానికి భయపడే ఆయన డేల్ కార్నెగీ క్లాసులో చేరాడు. పాతకాలపు అమెరికా, కొన్ని పేజీలు మరీ ఉపన్యాసంలా ఉంటాయి. ఉత్సాహం గురించిన మొదటి అధ్యాయం నాకు అంత నచ్చదు, నీకు నచ్చితే సంతోషం. నేను పంపింది ఆయన లెక్కల కోసం. తన కాల్స్ అన్నీ రాసిపెట్టుకుని చూస్తే, అమ్మకాల్లో 70 శాతం మొదటి కలయికలో, 23 శాతం రెండోసారి, 7 శాతం మాత్రమే మూడోసారీ ఆ తర్వాతా జరిగాయి. తన టైమ్‌లో సగం ఆ 7 శాతం కోసమే పోతోందని తేలింది. వెంటనే దాన్ని ఆపేశాడు.

ఆయన శాతాలు నీవి కావు, బీమా వేరు, నీ సాఫ్ట్‌వేర్ వేరు. పద్ధతి మాత్రం తీసుకో. ఒక రూళ్ల నోట్‌బుక్‌లో ఐదు గళ్లు గియ్యి: టైమ్, ఫోన్ ఎత్తింది ఎవరు, ఏం అడిగాను, వాళ్లు అన్న మాట, తర్వాత చెయ్యాల్సింది. ఆఫీస్ సిస్టమ్‌లో ఎలాగూ ఎక్కిస్తావు, కానీ ఇది మేనేజర్ కోసం కాదు. నాలుగైదు వారాల తర్వాత తిరగేస్తే కొన్ని విషయాలు వాటంతటవే బయటపడతాయి. ఉదాహరణకు నెలకోసారి జీఎస్‌టీ రిటర్న్ వేసే ఫ్యాక్టరీలకు 11వ తేదీ జీఎస్‌టీఆర్-1, 20వ తేదీ జీఎస్‌టీఆర్-3బి గడువు. ఆ తేదీల్లో, వాటి ముందురోజు అకౌంటెంట్‌కి ఫోన్ చేస్తే విసుక్కోక ఏం చేస్తాడు? ఆ విసుగు నీ మీద కాదు.

నాలుగోదే అసలైంది. నీల్ రాకమ్ 'స్పిన్ సెల్లింగ్', 1988. ఈయన బృందం పన్నెండేళ్ల పాటు 35 వేల సేల్స్ కాల్స్ గమనించి రాసిన పుస్తకం ఇది. పెద్ద అమ్మకాల్లో ఒత్తిడి పెట్టి ముగించే టెక్నిక్కులు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయని, అభ్యంతరాలకు గడుసు జవాబులు చెప్పడం కంటే అవి రాకుండా ముందే సరైన ప్రశ్నలు అడగడం ముఖ్యమని తేల్చారు. నీది పెద్ద అమ్మకమేనా అంటే, అవును. ఓనర్, ఆయన కొడుకు, అకౌంటెంట్ ముగ్గురూ ఒప్పుకుంటే గానీ సంతకం పడదు. క్లోజింగ్, అభ్యంతరాల అధ్యాయాలు, నాలుగు రకాల ప్రశ్నల అధ్యాయం నిదానంగా చదువు. మిగతావి తర్వాత.

ఆ నాలుగు రకాల ప్రశ్నలు పీణ్యా పారిశ్రామికవాడలో ఒక మెషీన్ షాప్ ఓనర్‌తో ఎలా ఉంటాయో రాస్తాను.

ముందు పరిస్థితి: "ప్లేటింగ్‌కి, హీట్ ట్రీట్‌మెంట్‌కి ముక్కలు బయటికి పంపిస్తారా సార్?"

తర్వాత ఇబ్బంది: "పంపినవి ఎన్ని, తిరిగొచ్చినవి ఎన్ని అన్నది చలాన్ల మీదే చూసుకుంటారా? ఎప్పుడైనా తేడా వస్తుందా?"

తర్వాత దాని పర్యవసానం: "తేడా వస్తే మీ కస్టమర్‌కి డెలివరీ ఆగుతుందా? జాబ్ వర్క్‌కి పంపిన సరుకు ఏడాదిలోపు తిరిగి రాకపోతే జీఎస్‌టీలో దాన్ని సప్లై కింద లెక్కేస్తారు కదా, ఆ లెక్క ఎవరు చూస్తారు?"

చివరికి ప్రయోజనం: "ఏ ముక్క ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా ఉందో ఒకే చోట కనిపిస్తే మీకు ఎక్కడ పనికొస్తుంది?"

ఈ చివరిదానికి జవాబు ఆయనే చెప్పాలి. నువ్వు చెబితే అది ప్రచారం. ఆయన నోట వస్తే అది ఆయన అవసరం. మొదటి రకం ప్రశ్నలు తక్కువ అడుగు, ఎక్కువైతే జనగణనవాడిలా ఉంటుంది. ఇవన్నీ మొదటి ఫోన్‌లోనే అడిగెయ్యకు. పరిచయం లేనివాళ్లకు చేసే కోల్డ్ కాల్‌లో ఒక పరిస్థితి ప్రశ్న, ఒక ఇబ్బంది ప్రశ్న చాలు. కలవడానికి టైమ్ అడిగి పెట్టెయ్. నీకిచ్చిన స్క్రిప్ట్‌లో కంపెనీ గొప్పలు నాలుగు వాక్యాలు చదివాక గానీ ప్రశ్న రాదన్నావు. అది మార్చనిస్తారేమో మీ టీమ్ లీడర్‌ని అడుగు, మంచివాడే అన్నావుగా. "నమస్కార సార్, నాను శ్రావణ్, ఎరడు నిమిష మాతాడబహుదా?" అని, అంటే రెండు నిమిషాలు మాట్లాడొచ్చా అని, కన్నడలో మొదలుపెట్టు. ఫోన్ ఎత్తినాయన తెలుగువాడైతే తనే తెలుగులోకి వస్తాడు. కాకపోతే, ఈ ఊళ్లో పని చేసుకుంటూ ఊరి భాషలో పలకరించినందుకు ఇంకో నిమిషం వింటాడు.

ఐదోది డేవిడ్ మైస్టర్, చార్లెస్ గ్రీన్, రాబర్ట్ గాల్ఫర్డ్ కలిసి రాసిన 'ది ట్రస్టెడ్ అడ్వైజర్', 2000లో వచ్చింది. కన్సల్టెంట్ల కోసం రాసింది కాబట్టి సగం నీకు పట్టదు. నమ్మకాన్ని వాళ్లు ఒక భిన్నంలా రాశారు: పైన విషయ పరిజ్ఞానం, చెప్పింది చెయ్యడం, మనసు విప్పి మాట్లాడగలిగే చనువు. కింద స్వార్థం. ఎంత తెలిసినవాడైనా నెలాఖరు టార్గెట్ గొంతులో వినిపిస్తే కింది అంకె పెరిగి మొత్తం పడిపోతుంది. కొత్తవాడివి కాబట్టి పరిజ్ఞానం ఇప్పుడే రాదు. చెప్పింది చెయ్యడం మాత్రం ఈరోజే నీ చేతిలో ఉంది. నాలుగింటికి ధర పంపిస్తానంటే నాలుగింటికి పంపు. మీ సాఫ్ట్‌వేర్ వాళ్ల పనికి సరిపోదనిపిస్తే ఆ మాటే చెప్పు. వద్దన్నవాళ్ల నంబర్ లిస్టులోంచి తీసేస్తానని చెప్పి నిజంగా తీసెయ్. 1909 నంబర్‌కి చెప్పి ప్రచార కాల్స్ వద్దని నమోదు చేసుకున్నవాళ్ల నంబర్లను మీ లిస్టులోంచి తీశారా లేదా అన్నది కూడా మేనేజర్‌ని అడుగు. అవి తియ్యకుండా ఇస్తే, తిట్లు తినేది నువ్వే.

రాబర్ట్ చాల్డీని 'ఇన్‌ఫ్లుయెన్స్' గురించి ఆఫీసులో అందరూ చెబుతున్నారన్నావు. 1984 నాటి గొప్ప పుస్తకమే, మనుషులు ఎందుకు ఒప్పుకుంటారో అంత బాగా చెప్పినవాళ్లు తక్కువ. అయినా కావాలనే పంపలేదు. తన మీద ఇలాంటి ఎత్తులు సులువుగా పారుతుండేవని, అందుకే వాటిని తెలుసుకోవడానికి బయల్దేరానని ఆయనే రాశాడు. ఆఫీసుల్లో దాన్ని తిరగేసి వాడుతున్నారు. "ఈ ఆఫర్ రేపటితో ఆఖరు" అని అబద్ధమాడించే పనికి ఆ పుస్తకాన్ని అడ్డం పెడతారు. ముందు నీ కాళ్ల మీద నువ్వు నిలబడు, దసరా తర్వాత చదువు. అప్పుడు నేను కొనక్కర్లేదు, చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్‌కి వెళ్తే పాత కాపీ దొరకొచ్చు.

రోజూ పొద్దున ఆఫీసుకు వెళ్లాక మెయిల్స్ తెరవకముందే మొదటి కాల్ చేసెయ్. ఎదురుచూసే కొద్దీ భయం పెరుగుతుంది. రాత్రి పది పేజీలకు మించి చదవకు, నిద్ర ముఖ్యం. ఆదివారం సాయంత్రం ఆరు తర్వాత నేను ఖాళీ. నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని ఫోన్ చెయ్యి. పీణ్యా ఓనర్‌గా నేను మాట్లాడతాను, ఆ రెండు ప్రశ్నలు నన్ను అడుగు.

మీ లక్ష్మక్క