బీసీ లేయర్ క్వాలిటీ రిపోర్ట్: చంద్రగిరి–పాకాల రోడ్డు, కి.మీ. 4/200 నుంచి 5/000

సార్, నవంబరు 13న వేసిన 40 మి.మీ. బీసీ గ్రేడ్-2 ఫలితాలు ఇవి. ముందే చెప్తున్నా, సగటు చూస్తే పాస్, కానీ కుడి లేన్‌లో 200 మీటర్లు ఫెయిల్ అయ్యాయి, వాటిని తీసి మళ్లీ వేయాలి. కారణం ఏమిటో కింద పూర్తిగా రాశాను.

మోర్త్ ఐదో రివిజన్ ప్రకారం వీజీ-30 తారుకి ప్లాంటులో మిక్స్ 150 నుంచి 165 డిగ్రీలు ఉండాలి, పేవర్ దగ్గర 140కి తగ్గకూడదు, రోలింగ్ చేసేటప్పుడు 90కి తగ్గకూడదు. సాంద్రత ఆ రోజు జీఎమ్ఎమ్‌లో కనీసం 92 శాతం. మన జీఎమ్ఎమ్ 2.482 వచ్చింది కాబట్టి ఏ కోర్ అయినా 2.283 దాటాలి. మన క్వాలిటీ ప్లాన్‌లో ప్రతి కోర్‌కీ ఈ హద్దే రాసుకున్నాం, సగటుకి మాత్రమే కాదు.

తారు శాతం డిజైన్ 5.5, వచ్చింది 5.46. గ్రేడేషన్ హద్దుల్లోనే ఉంది. మిక్స్‌లో తప్పు లేదు.

800 మీటర్లు, 7 మీటర్ల వెడల్పు, అంటే 5,600 చ.మీ. 700 చ.మీ.కి ఒకటి చొప్పున ఎనిమిది కోర్లు తీశాం.

| కోర్ | చోటు | మందం (మి.మీ.) | సాంద్రత | జీఎమ్ఎమ్ శాతం |
|---|---|---|---|---|
| 1 | ఎడమ 4/290 | 40 | 2.318 | 93.4 |
| 2 | ఎడమ 4/480 | 40 | 2.326 | 93.7 |
| 3 | ఎడమ 4/710 | 41 | 2.311 | 93.1 |
| 4 | ఎడమ 4/930 | 41 | 2.303 | 92.8 |
| 5 | కుడి 4/330 | 44 | 2.241 | 90.3 (ఫెయిల్) |
| 6 | కుడి 4/420 | 43 | 2.262 | 91.1 (ఫెయిల్) |
| 7 | కుడి 4/690 | 40 | 2.306 | 92.9 |
| 8 | కుడి 4/900 | 39 | 2.331 | 93.9 |

సగటు 92.7. ఈ ఒక్క అంకె చూసి ఫైలు మూసేస్తే వచ్చే వర్షాలకి ఆ 200 మీటర్లలో కంకర లేచిపోతుంది. ఐదో కోర్‌లో గాలి ఖాళీలు 9.7 శాతం, ఎనిమిది దాటితేనే నీళ్లు లోపలికి దిగడం మొదలవుతుంది, ఇక మన వైపు నవంబరు, డిసెంబరు వానలు ఎలా ఉంటాయో మీకు తెలిసిందే.

ఐదో కోర్ లెక్క: గాలిలో 774.0 గ్రా., తుడిచిన తర్వాత 780.6, నీళ్లలో 435.2.

```
774.0 / (780.6 - 435.2) = 2.241
```

పీల్చుకున్న నీళ్లు 1.9 శాతం. 2 దాటితే మైనం పూసి మళ్లీ చేయాల్సి వచ్చేది, దానికి అంచులో ఉంది. రెండో కోర్ పక్కలు నున్నగా, నల్లగా, రాయికి రాయి అతుక్కుని ఉన్నాయి. ఐదోది చేతిలోకి తీసుకోగానే అడుగున రెండు మూడు రాళ్లు వేలికే ఊడి వచ్చాయి. మందం 44 ఉందని సంతోషపడేది కాదు, మిక్స్ సరిగా అణగలేదు కాబట్టే ఎత్తుగా మిగిలింది.

ఇంతకీ జరిగింది ఇది. పొద్దున ఎడమ లేన్‌కి వచ్చిన 16 టిప్పర్లూ పేవర్ దగ్గర 143 నుంచి 152 మధ్య ఉన్నాయి. మధ్యాహ్నం కుడి లేన్ మొదలుపెట్టాక 17వ టిప్పర్ 146తో వచ్చింది, ఆ వెనక నాలుగు టిప్పర్లు రైల్వే గేటు దగ్గర ఇరుక్కుపోయాయి, పైగా జల్లు పడింది, ఒకదానికి పట్ట సగమే కప్పి ఉంది. 18వది 137, 19వది 129, 20వది 134, 21వది 138. నాలుగూ 140 లోపే. 22వది మళ్లీ 145. ఒక్కో టిప్పర్ మిక్స్ దాదాపు 50 మీటర్లు వస్తుంది, లెక్క కడితే ఈ నాలుగూ సరిగ్గా 4/250 నుంచి 4/450 వరకు పడ్డాయి. పైగా వైబ్రో రోలర్ 102 దగ్గర ఎక్కింది గానీ టైర్ రోలర్ అక్కడికి వచ్చేసరికి 78కి పడిపోయింది. ఆ వేడిలో ఎన్ని పాస్‌లు తిప్పినా రాయి కదలదు.

థర్మామీటర్ నా చేతిలోనే ఉంది, 129 చూసినప్పుడే టిప్పర్‌ని వెనక్కి పంపాల్సింది. పేవర్ ఆగిపోతే జాయింట్ పడుతుందని ఒప్పుకున్నాను. అది నా తప్పు.

హద్దులు తేల్చడానికి 15న కుడి లేన్‌లో ఇంకో నాలుగు కోర్లు తీశాం: 4/230లో 92.4, 4/270లో 91.6, 4/360లో 90.7, 4/470లో 92.3. టిప్పర్ల లెక్కకీ కోర్లకీ తేడా లేదు.

కాబట్టి కుడి 4/250 నుంచి 4/450 వరకు, 700 చ.మీ., 40 మి.మీ. మిల్లింగ్ చేసి, టాక్ కోట్ చ.మీ.కి 0.25 కిలోలు కొట్టి మళ్లీ వేద్దాం. దాదాపు 64 టన్నులు, నాలుగు టిప్పర్లు. వాన లేకపోతే 19న పొద్దున, గేటు మూసే టైమ్ కనుక్కుని ఒక్కొక్కటిగా పంపమని ప్లాంటుకి చెప్పాను. పట్ట పూర్తిగా కప్పని టిప్పర్‌ని, 140 లోపు వచ్చిన టిప్పర్‌ని దించనివ్వను, మీరు కూడా సైట్ వాళ్లకి ఒక మాట చెప్పండి. కొత్త ప్యాచ్‌లో రెండు కోర్లు తీసి 20 సాయంత్రానికి ఫలితం పంపుతాను, అప్పటిదాకా ఆ 700 చ.మీ. బిల్లులో ఎక్కించవద్దు.