పెద్దన్నయ్య మెసేజ్

ఆ మెసేజ్ రాసేటప్పటికి రఘు రైల్లో పై బెర్తు ఎక్కి పడుకున్నాడు. నిద్ర ముంచుకొస్తోంది. చివరిసారిగా కజిన్స్ గ్రూపు తెరిస్తే కిరణ్ ప్రశ్న కనిపించింది.

"పాత ఫొటోలు వేయడానికి ప్రొజెక్టర్ దొరికేలా లేదు బావా. ఏం చేద్దాం?"

"అది లేకపోయినా నష్టమేం లేదులే" అని కొట్టి పంపాడు. ఫోను దిండు కిందకి తోసి అటు తిరిగి పడుకున్నాడు. సిగ్నల్ లేదు. మెసేజ్ పక్కన గడియారం గుర్తు అలాగే ఉండిపోయింది.

మెసేజ్ అలా ఆగి ఉన్నప్పుడే సుధ గ్రూపులో రాసింది.

"శనివారం సెలవు ఇవ్వం అంటున్నారు. నేను రాలేనేమో. మీరంతా కానిచ్చేయండి."

ఈ మాత్రం రాయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. బాబాయి పోయాక ఆమె ఈ కలయికలకి రావడం మానేసింది. ఈసారి వస్తానని తనంతట తానే చెప్పింది. కొత్త బ్యాగు కూడా కొనుక్కుంది. తీరా ఆఫీసులో సెలవు కుదరలేదు. "కానిచ్చేయండి" అని రాసిందే కానీ, ఎవరో ఒకరు "అదేం కుదరదు, నువ్వు రావాల్సిందే" అంటారని ఆశ పడింది. అలా ఆశ పడని మనిషెవరు?

రైలు ఏదో స్టేషన్‌లో ఆగింది. సిగ్నల్ అందింది. రఘు రాసిన మాట అప్పుడు బయల్దేరి అందరి ఫోన్లలోనూ సుధ మెసేజ్ కింద వచ్చి కూర్చుంది.

"అది లేకపోయినా నష్టమేం లేదులే."

వేరే ఎవరు రాసినా ఒక క్షణం అనుమానం వచ్చేదేమో. రఘు అందరికంటే పెద్దవాడు. చెల్లెళ్లందరినీ చిన్నప్పటి నుంచీ "అది" అనే అంటాడు. "అది నిద్ర లేచిందా?", "అది పరీక్ష బాగా రాసిందా?" అంటూ. అందులో ప్రేమే తప్ప ఇంకేం ఉండేది కాదు. ఇప్పుడు ఆ పిలుపు వల్లే ఎవరికీ అనుమానం రాలేదు.

పదహారు మంది చదివారు. గ్రూపులో ఒక్కరూ నోరు మెదపలేదు.

ఇలాంటప్పుడు మనుషులు గ్రూపులో మాట్లాడరు, విడివిడిగా మాట్లాడుకుంటారు. ఆ రాత్రి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. "పెద్దన్నయ్య అలా అనేశాడేంటి?" అని ఒకరు. "ఊరికే అనడు, ఇద్దరి మధ్యా ఏదో జరిగుంటుంది" అని ఇంకొకరు. ఏమీ జరగలేదు. కానీ తెల్లారేలోపు ఒక కారణం పుట్టుకొచ్చింది. బాబాయి ఆస్పత్రి ఖర్చుల దగ్గర మాటా మాటా వచ్చిందట. ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలియదు.

సుధ గంటసేపు ఆ స్క్రీన్ చూస్తూ కూర్చుంది. తర్వాత గ్రూపులోంచి వెళ్లిపోయింది. పది నిమిషాలకి ఆమె తమ్ముడు శ్రీను రాశాడు: "మేమూ రావడం లేదు. మా గదులు వేరేవాళ్లకి ఇచ్చేయండి." ఆ వెంటనే ఇంకో ఇద్దరు "మాకూ కుదరకపోవచ్చు" అన్నారు.

పొద్దున్నే రఘు నిద్ర లేచేసరికి చెల్లెలు వసంత నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్. భయపడుతూ తిరిగి ఫోన్ చేశాడు.

"ఏమైందే? అందరూ బాగానే ఉన్నారా?"

"సుధని అంత మాట ఎలా అన్నావన్నయ్యా?"

"నేనేమన్నాను?"

"గ్రూపు చూసుకో."

చూసుకున్నాడు. అతని ఫోన్‌లో కిరణ్ ప్రశ్న, దాని కింద తన జవాబు, ఆ తర్వాత సుధ మెసేజ్ వరసగా ఉన్నాయి. సుధ వెళ్లిపోవడం, శ్రీను కోపం ఎందుకో అతనికి అంతుపట్టలేదు. వసంత తన స్క్రీన్ ఫొటో తీసి పంపించాక కానీ విషయం తలకెక్కలేదు. ఆమె ఫోన్‌లో సుధ మాట పైన ఉంది, తన మాట కింద ఉంది. అదే వరసలో మళ్లీ చదువుకున్నాడు. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి గ్రూపులో వేశాడు. "నేను ప్రొజెక్టర్ గురించి రాశాను" అన్నాడు. అంతే, గ్రూపు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. "అనుకున్నాను, పెద్దన్నయ్య అలా అనడని", "హమ్మయ్య, టెన్షన్ పడి చచ్చాం" అంటూ వరసగా మెసేజ్‌లు. శ్రీను కూడా సారీ చెప్పాడు. అందరి దృష్టిలో గొడవ తీరిపోయింది. సుధ మాత్రం ఆ గ్రూపులో లేదు. శ్రీను ఫొటోలు ఆమెకి పంపితే "సరే" అని ఒక్క మాట వచ్చింది.

ఆ "సరే" రఘుకి నచ్చలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. ఇంటికి వెళ్లాల్సినవాడు ఆ సాయంత్రమే దారి మళ్లించుకుని సుధ ఉండే ఊరికి బస్సెక్కాడు.

తలుపు తీసి సుధ ఆశ్చర్యపోయింది. "దీనికోసం ఇంతదూరం వచ్చావా?"

"ఫొటోలు చూశావు కదా?"

"చూశాను. నువ్వు నన్ను అనలేదని తెలిసింది. నీమీద కోపం లేదు పెద్దన్నయ్యా. అయినా నేను రాను."

రఘు కూర్చున్నాడు. ఏమీ అనలేదు. కాసేపటికి ఆమే మాట్లాడింది.

"గంటసేపు చూశాను. నువ్వు రాసింది అందరూ చదివారు. నన్నే అన్నావని అందరూ అనుకున్నారు. 'అదేంటన్నయ్యా, దాన్ని అలా అంటావేంటి' అని ఒక్కళ్లయినా రాయలేదు. వసంత కూడా. నాకు ఫోన్ చేసింది, ఓదార్చింది. కానీ అక్కడ రాయలేదు."

"అది..." అనబోయి రఘు ఆగాడు. "వసంతకి నేనంటే భయం."

"మూడేళ్ల కిందట మీరు కలిసినప్పుడు ఫొటో పెట్టారు. 'అందరం ఒక్కచోట' అని దాని కింద రాసి ఉంది. నేనూ శ్రీనూ లేం. ఆ రోజు కూడా ఎవరికీ తట్టలేదు. అందుకే నిన్న నీ మాట చదివితే నాకు వింతగా అనిపించలేదు. నిజమే కదా అనిపించింది."

ఆ ఫొటో కింద అలా రాసింది రఘే. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసీ పేరు ఎత్తలేదు. దానికి ఏ ఫొటో పక్కన ఏ ఫొటో పెట్టి చూపించగలడు?

"నేను రాసిందే తల్లీ" అన్నాడు. "తప్పు రాశాను."

సుధ కళ్లు తుడుచుకుంది. రఘు ఆమె ముఖం వంక చూడకుండా అడిగాడు.

"నీకు సెలవు ఎప్పుడు దొరుకుతుంది?"

"ఆదివారం ఎలాగూ సెలవే. సోమవారం అడిగితే ఇస్తారేమో."

"అయితే ఆదివారం కలుద్దాం."

"అందరూ టికెట్లు కొనేసుకున్నారుగా?"

"మార్చుకుంటారు."

"తిట్టుకుంటారు పెద్దన్నయ్యా."

"తిట్టుకోనీ. నన్నే కదా."

అక్కడ కూర్చునే గ్రూపులో రాశాడు: "సుధకి శనివారం సెలవు లేదు. కాబట్టి ఆదివారం, సోమవారం కలుస్తున్నాం." తర్వాత సుధ నంబరు మళ్లీ చేర్చాడు. టికెట్లు మళ్లీ దొరకవని ఇద్దరు విసుక్కున్నారు. ఒకరికి నిజంగానే సోమవారం కుదరదు, ఆదివారం రాత్రికే వెళ్లిపోతానన్నారు. అయినా రానని మాత్రం ఎవరూ అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం దాకా సుధ ఏమీ రాయలేదు. ఆ తర్వాత రాసింది.

"సోమవారం సెలవు ఇచ్చారు. ఆదివారం పొద్దున ఏడింటికి రైలు దిగుతాను. స్టేషన్‌కి ఎవరొస్తారు?"

మొదట వసంత "నేను" అంది. ఆ వెనకే కిరణ్, శ్రీను, ఇంకా ఎనిమిది మంది.