దేవరకొండ చర్చి స్లాబ్ పని – లెక్క ఇదీ

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మొదట 18 లక్షల్లో అయిపోతుందనుకున్నం. పునాది తవ్వితే బండ తగిలింది, కంప్రెషర్ పెట్టించినం. అంచనా 22 లక్షలకు చేరింది. వచ్చినవి 13 లక్షల 40 వేలు, ఖర్చు 13 లక్షల 10 వేలు. స్లాబ్‌కు స్టీలు, సిమెంటు, సెంట్రింగ్, కూలీ కలిపి 5 లక్షల 60 వేలు కావాలె. చేతిల ఉన్న 30 వేలు పోను 5 లక్షల 30 వేలు తక్కువ. ప్లాస్టరింగ్, తలుపులు తర్వాత చూస్తం. టైల్స్ ముచ్చట ఇప్పుడైతే లేదు.

వీలున్నోళ్లు ఇయ్యండి. అప్పు తెచ్చి, పిల్లల ఫీజులు ఆపి మాత్రం వద్దు. పేర్లు చదవం, ఇంటింటికి తిరిగి అడగం. ఇయ్యలేనోళ్లు మాకు కారణం చెప్పనక్కర్లేదు. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు ఉంటది. బిల్లుల ఫైలు ఆదివారం ఆరాధన అయినంక కోశాధికారి దగ్గర ఉంటది, ఎవరైనా చూడొచ్చు. డబ్బులు సరిపోకుంటే స్లాబ్ వానకాలం దాటినంక వేస్తం. అప్పటిదాకా రేకుల షెడ్డులోనే ఆరాధన.

– నిర్మాణ కమిటీ